సగం గడ్డం మీద కుదిరిన లీజు

కొట్టు ఓనరుగారు గడ్డం గీయించుకోవడానికి వస్తూ వస్తూ లీజు కాగితాలు కూడా పట్టుకొచ్చాడు. గడ్డంతోపాటు సంతకం కూడా అయిపోవాలని ఆయన ఎత్తు.

సెలూనాయనకూ తొందరగానే ఉంది. పదేళ్లుగా ఇరుకు గదిలో ఒక్క కుర్చీతో నెట్టుకొస్తున్నాడు. మూలమీది ఈయన కొట్టు దొరికితే మూడు కుర్చీలు వేయొచ్చు. దాచిందంతా అద్దాలకూ నీళ్ల గొట్టాలకూ పోయడానికి సిద్ధంగా ఉన్నాడు. గోడకు బిగించాక వాటిని ఊడదీసుకుని పోలేడన్న సంగతి మాత్రం ఆలోచించలేదు.

ఆ ఆలోచన లాయరు మరదలికి వదిలేశాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుని ఎర్ర పెన్ను పట్టుకుని పేజీలు తిప్పుతోంది.

"చదివావా బావా?"

"పెద్దమనిషి రాయించాడు కదా!"

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందిట."

నురగ కింద ఓనరుగారు గుర్రుమన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు.

"లాక్-ఇన్ మూడేళ్లు. ఈలోగా బావ ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె అంతా కట్టాలి. మీరు మాత్రం కారణం చెప్పకుండా, ముప్పై రోజుల నోటీసుతో ఎప్పుడైనా వెళ్లగొట్టొచ్చు. అంతేనాండీ?"

"నేనెందుకు ఖాళీ చేయిస్తానమ్మా?"

"చేయించని మనిషికి ఆ రాత ఎందుకండీ? అద్దె పెంపు అయిదు శాతమని నోటితో చెప్పారు. ఇక్కడ ఏటా పది, అదీ పెరిగిన అద్దె మీద. అయిదో ఏడుకి దాదాపు ఒకటిన్నర రెట్లు."

"ఇష్టమైతే సంతకం చెయ్యమను. నా కొట్టుకి వందమంది ఉన్నారు."

సెలూనాయనకు మూడు కుర్చీలూ కళ్లముందే ఎగిరిపోయాయి. అప్పటికి ఓనరుగారి కుడి చెంప నున్నగా అయింది, ఎడమ చెంప నురగలోనే ఉంది. సెలూనాయన కత్తి తుడిచి, మడిచి, సొరుగులో పెట్టేశాడు.

"ఆపావేమయ్యా? పదకొండింటికి బ్యాంకు మేనేజరుని కలవాలి నేను!"

"నోటీసిస్తున్నానండీ. ముప్పై రోజులు. కారణం చెప్పక్కర్లేదు."

అనేశాక, కొట్టు పోయింది, పాత గిరాకీ కూడా పోయిందనుకున్నాడు. మరదలు నవ్వాపుకుంటూ పెదవి కొరుక్కుని కాగితాల్లో తల దాచుకుంది.

ఓనరుగారు అద్దంలో చూసుకున్నాడు. నురగ ఎండి చెంప పీకుతోంది. గడియారం పదిన్నర దాటింది.

"ఆ పెన్నిలా తేమ్మా."

మూడేళ్లు ఇద్దరికీ లాక్-ఇన్. అద్దె వరసగా రెండు నెలలు ఎగ్గొడితే తప్ప ఓనరు ఖాళీ చేయించకూడదు. మూడేళ్లు దాటాక ఎవరు మానుకోవాలన్నా మూడు నెలల ముందు చెప్పాలి. పెంపు దగ్గర మాత్రం అయిదుకు ఆయన ప్రాణం ఒప్పలేదు, ఆరు దగ్గర ఆగాడు. రెండు ప్రతుల్లోనూ ప్రతి కొట్టివేత పక్కనా ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ఆయన మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాడు. సెలూనాయన ఎడమ చెంప తడిపి, కొత్త నురగ పట్టించి, కత్తి విప్పాడు.

"కదలకండి," అన్నాడు మర్యాదగా. "మూడేళ్లదాకా మనిద్దరం కదలకూడదు."