చోటు చాలని కైనేజ్

గొడవ మొదలైంది సెల్లో టేపు దగ్గర.

వంటింటి అలమర తలుపు మీద పిచ్చుక ఒక పెద్ద కాగితం తెచ్చి నాలుగు మూలలా టేపు వేసి అంటించింది. పిచ్చుక అన్నది ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురికి తండ్రి పెట్టిన పేరు. కంచంలో గింజ గింజ ఏరుకుని తినే పిల్లకి అంతకంటే తగిన పేరు దొరకలేదట. ఇప్పుడామె మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం.

"ఇల్లంతా గోడలే కదా. నా అలమర తలుపే దొరికిందా నీకు?" అంది అమ్మ.

"ఇక్కడైతే తింటూ చదువుకోవచ్చమ్మా."

"తింటూ చదివేది నువ్వు. టేపుతోపాటు రంగు ఊడొస్తే గీక్కుంటూ కూర్చునేది నేను."

నానమ్మ కళ్ళజోడు సవరించుకుని దగ్గరికొచ్చింది. "ఏమిటే ఇది, బస్సులు తిరిగే దారులా?"

"కాదు నానమ్మా. నువ్వు తిన్న ముద్ద లోపలికెళ్ళి ఏమవుతుందో గీశాను."

"ఏమవుతుందో నాకు తెలుసులే. దానికిన్ని రంగులు అక్కర్లేదు."

నాన్న పేపరు చాటు నుంచి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. టేపు ముక్కలు గోటితో మెల్లిగా ఊడదీసి, బట్టలారేసే క్లిప్పులు రెండు తెచ్చి కాగితాన్ని తలుపు పిడికి తగిలించింది. అమ్మ పద్ధతి అది. కాదనదు, తనకు కావలసినట్టు సర్దుతుంది.

ఆ కాగితం చూడముచ్చటగా ఉన్న మాట నిజం. ఎడమ వరసలో లోపలికి వెళ్ళేవి, కుడి వరసలో బయటికి వచ్చేవి, మధ్యలో ఎంజైములు. ఒక గ్లూకోజ్ లోపలికి వెళితే రెండు పైరువేట్‌లు, రెండు ఎన్‌ఏడీహెచ్‌లు, ఖర్చు పోను శక్తినిచ్చే ఏటీపీలు రెండు. అక్కడి నుంచి పైరువేట్ కాస్తా ఎసిటైల్ కో-ఏ అయ్యే మలుపు. ఆ పని చేసే ఎంజైము పేరు పైరువేట్ డీహైడ్రోజనేజ్. ఒకసారి ఆ మలుపు దాటితే వెనక్కి దారి లేదు, మళ్ళీ చక్కెరగా మారదు. అందుకే ఒంట్లో అక్కడ కాపలా గట్టిగా ఉంటుంది. ఏది ఎంజైముని పరుగెత్తిస్తుందో అక్కడ ఆకుపచ్చ ప్లస్సు, ఏది ఆపుతుందో అక్కడ ఎర్ర మైనస్సు.

పదకొండు లెక్చర్ల నోట్సుని ఒక్క కాగితంలోకి దించడానికి మూడు వారాలు పట్టింది. చోటు చాలక అక్కడొక గడి, ఇక్కడొక బాణం తీసేస్తూ వచ్చింది.

స్నేహితురాలొకతె అడిగి ఒక కాపీ తీసుకుంది. వారం తిరిగేసరికి కాలేజీ గేటు పక్క జిరాక్స్ షాపు ఆయన దగ్గరే ఒక కాపీ ఉండిపోయింది. "షీటు పిల్లవి నువ్వేనా అమ్మా? నీ పుణ్యాన మిషను చల్లారట్లేదు" అన్నాడు. క్లాసులో సగం మందికి పైగా చేతుల్లో అదే కాగితం. బయోకెమిస్ట్రీ మేడం మొదటి రోజే చెప్పింది, నా నోట్సు కుదించి పంచుకోకండి, కుదింపులో ఏం పోతుందో మీకు తెలీదు అని. ఆ మాట ఎవరికీ గుర్తులేదు. ఉన్నా ఎవరూ పైకి అనలేదు.

పరీక్షకి రెండు రోజుల ముందు లైబ్రరీలో సిస్టరక్క వచ్చి పక్కన కూర్చుంది. ఏడేళ్ళు నర్సుగా చేసి, ఉద్యోగం మానేసి ఈ చదువుకొచ్చిన మనిషి ఆమె. అందరికంటే పెద్దది కాబట్టి అక్క, వార్డులో పిలుపు కాబట్టి సిస్టరు. రెండూ కలిసిపోయాయి. మొదటి సంవత్సరం పాసవడానికి ఆమెకిది చివరి అవకాశం. ఈసారి కూడా పోతే సీటు పోతుంది.

"చెల్లీ, ఒక చిన్న సందేహం. ఎసిటైల్ కో-ఏ ఎక్కువైతే ఈ డీహైడ్రోజనేజ్ ఇంకా పరుగెడుతుందని ప్లస్సు పెట్టావు కదా. ఉన్నదే ఎక్కువైనప్పుడు ఇంకా తయారుచేయడం ఎందుకు?"

"నోట్సులో అలాగే ఉందక్కా."

"అది కాదు. వార్డులో రెండు మూడు రోజులు ఏమీ తినని పేషెంట్లని చూశాను. చక్కెర మరీ పడిపోదు. కాలేయం కొత్తగా చేసి పంపుతూంటుంది. ఉన్న పైరువేట్ అంతా ఎసిటైల్ కో-ఏ అయిపోతే, ఇక చక్కెర దేనితో చేస్తుంది? దాని నుంచి చక్కెర రాదని నువ్వే రాశావుగా."

పిచ్చుకకి అప్పటికి ఇంకా రెండు పాఠాలు మిగిలున్నాయి. చిరాకుగానే అంది. "వార్డు వేరక్కా, పేపరు వేరు. షీటులో ఉన్నది రాసేయండి."

సిస్టరక్క తల ఊపి లేచింది. "సరేలే. నీ బుర్ర ముందు నా బుర్రెంత" అంది, ఎగతాళిగా కాదు, నమ్మే అంది.

పరీక్ష రోజు పొద్దున్న ఏదో స్పెల్లింగు చూసుకుందామని పిచ్చుక లెక్చర్ నోట్సు తెరిచింది. ఆ పేజీ కంటబడింది. మేడం బోర్డు మీద గీసిన బొమ్మ, తన చేత్తో దింపుకున్నదే. ఎసిటైల్ కో-ఏ, ఎన్‌ఏడీహెచ్ పెరిగితే ముందు కైనేజ్ అనే ఇంకో ఎంజైముని లేపుతాయి. ప్లస్సు అక్కడ, కైనేజ్ మీద. కైనేజ్ వెళ్ళి పైరువేట్ డీహైడ్రోజనేజ్‌కి ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగిలితే అది పని ఆపేస్తుంది.

చోటు చాలక పిచ్చుక తీసేసిన గడి ఆ కైనేజే. గడి తీసి, బాణాన్ని సాగదీసి, నేరుగా డీహైడ్రోజనేజ్‌కి కలిపింది. ప్లస్సు మాత్రం బాణంతోపాటే వచ్చి కూర్చుంది. ఆపవలసిన చోట పరుగెత్తమని రాసింది తను.

సిస్టరక్క అడిగింది ఇదే.

పిచ్చుక వంటింట్లోకి వెళ్ళి షీటు మీద ప్లస్సుకి తెల్ల ఇంకు పూసి, ఊది, ఆరాక ఎర్ర మైనస్సు పెట్టింది. తరువాత ఫోను తీసి క్లాసు గ్రూపులో 'చిన్న కరెక్షన్' అని కొట్టింది. పరీక్షకింకా గంటన్నర ఉంది. ఒకటి తప్పంటే మిగిలినవన్నీ తప్పేమోనని కంగారు పడతారు, ఇప్పుడెందుకు అనుకుంది. ఆ మాటలో సగం నిజం. మిగతా సగం వైపు చూడలేదు. కొట్టింది పంపకుండానే చెరిపేసి బస్సెక్కింది.

పేపర్లో పదిహేను మార్కుల ప్రశ్న సరిగ్గా అక్కడే వచ్చింది. మూడు రోజులుగా తిండి లేని మనిషి, కాలేయంలో కొవ్వు బాగా కరిగి ఎసిటైల్ కో-ఏ, ఎన్‌ఏడీహెచ్ పెరిగాయి, పైరువేట్ ఎటు పోతుంది, ఎందుకు. పిచ్చుక తడుముకోకుండా రాసింది. డీహైడ్రోజనేజ్ ఆగిపోతుంది. అదే ఎసిటైల్ కో-ఏ పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైముని లేపుతుంది. పైరువేట్ ఆక్సలోఎసిటేట్ అయి చక్కెర వైపు తిరుగుతుంది. రాస్తూ ఒకసారి తల ఎత్తింది. ముందు వరసలో సిస్టరక్క కలం ఆపి, కాసేపు కిటికీ వైపు చూసి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

శనివారం మేడం పేపర్లు పంచింది. పంచడం అయ్యాక బల్లకి ఆనుకుని నిలబడింది.

"నలభై ఒక్క మంది ఒకే తప్పు రాశారు. ఒకే వాక్యం, ఒకే కుదించిన మాటలు. హాల్లో కాపీ కొట్టి ఉంటే నలభై ఒక్కరికీ పేపరు మొత్తం సున్నా. అలా కాకుండా ఏ షీటో చదివి చెడిపోయి ఉంటే, ఆ షీటు తెచ్చి చూపించండి, చేసినవాళ్ళు వచ్చి చెప్పాలి. అప్పుడు ఆ ఒక్క ప్రశ్న మళ్ళీ రాయిస్తాను. తప్పు చదవడం వేరు, మోసం వేరు. సోమవారం పది దాకా చూస్తా."

ఒక్కరు కూడా పిచ్చుక వైపు తిరిగి చూడలేదు. పిచ్చుక తన పేపరు మడిచి సంచి అడుగున పెట్టింది. యాభైకి నలభై ఏడు. క్లాసులో అదే ఎక్కువ. మొదటి మార్కు వచ్చినవాళ్ళకి వేసవిలో రెండు నెలలు మేడం ల్యాబులో పనిచేసే అవకాశం ఉంటుంది.

మెట్ల దగ్గర సిస్టరక్క కలిసింది. ఆమెకి వచ్చినవి ఇరవై మూడు మార్కులు. ఫైనల్ పరీక్షకి కూర్చోవాలంటే ఇరవై అయిదు రావాలి.

"భయపడకు చెల్లీ. నీ పేరు ఎవరూ చెప్పరు. నేనే అందరితో అన్నాను. పాపం, ఆ పిల్ల కూడా మనతో సమానంగా మార్కులు పోగొట్టుకుంది కదా అని."

పిచ్చుక తల ఊపింది. ఊపకుండా ఉండవలసింది. మెడ దానంతటదే కదిలింది.

ఆదివారం పొద్దున్న అమ్మ అలమర తుడుస్తూ షీటు ఎత్తి పట్టుకుంది. పెళ్ళికి ముందు అమ్మ కెమిస్ట్రీలో డిగ్రీ చదివింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పెద్దగా గుర్తుండదు.

"ఈ తెల్ల ఇంకు మొన్నటిదాకా లేదే."

"పరీక్ష రోజు పొద్దున్న దిద్దాను."

"అందరికీ చెప్పావా?"

పిచ్చుక గ్లాసు కడుగుతున్నట్టు నటించింది. అమ్మ గుడ్డ పిండి తీగ మీద వేసి వచ్చింది. "నేనేమీ అడగను. అడిగితే జవాబు నాకు చెప్తావు. అది నాకు చెప్పవలసింది కాదనిపిస్తోంది నీ మొహం చూస్తే."

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. నాన్న మంచి హుషారుగా ఉన్నాడు.

"వేసవికి ల్యాబులో చేరితే పొద్దున్నే నేను దింపుతాలే. అటువైపే కదా మా ఆఫీసు. ఇక నిన్ను అందుకోవడం ఎవరి తరం?"

"కాస్త పిల్లని తిననివ్వరా" అంది నానమ్మ. "ఇవాళ మరీ పిచ్చుక కంటే అన్యాయంగా తింటోంది."

పిచ్చుక చెయ్యి కంచంలోనే ఆగింది. "నాన్నా, ల్యాబు మాట వదిలెయ్. నేను చేరట్లేదు."

"అదేమిటి? మార్కులొచ్చాయిగా."

చెప్పింది. గడి తీసేయడం దగ్గర్నుంచి మెట్ల మీద తల ఊపడం దాకా. నాన్న తినడం ఆపి విన్నాడు.

"ఎవరూ నీ పేరు చెప్పలేదంటున్నావు" అన్నాడు చివరికి. "నువ్వు వాళ్ళని చదవమని బలవంతం చేశావా? జిరాక్స్ తీయించుకున్నది వాళ్ళు. మేడం వద్దన్న పని చేశావని నీ మీద రాస్తే, ఆ మరక అయిదేళ్ళూ ఉంటుంది. ఆలోచించు."

"షీటులో తప్పు రాయడం పొరపాటే నాన్నా. దానికి నేను సిగ్గుపడట్లేదు. తెలిశాక గంటన్నర టైముంది. అడిగినావిడకి కూడా చెప్పలేదు. ఆవిడ సీటు పోతే అది పొరపాటు లెక్కలోకి రాదు."

నానమ్మకి సగమే అర్థమైంది. "ఆ నర్సమ్మాయి ముందే చెప్పిందా మరి?" అని అడిగింది.

"ముందే చెప్పింది. నేనే నోరు మూయించాను."

నాన్న అమ్మ వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. అమ్మ కూర గిన్నె మీద మూత సరిగా పడిందో లేదో చూస్తోంది.

"రేపు పదింటికల్లా మేడం దగ్గరికి వెళ్తాను" అంది పిచ్చుక. "లెక్చర్ నోట్సు, షీటు, నా పేపరు, మూడూ చూపిస్తా. నా మార్కులు తీసేయమని అడుగుతా. తీసేసినా తీసేయకపోయినా, వాళ్ళతో కూర్చుని నేనూ మళ్ళీ రాస్తా. సిస్టరక్కకి మాత్రం రేపటిదాకా ఆగను. చెయ్యి కడుక్కుని ఫోన్ చేస్తా, ఆవిడ అన్నదే సరైనదని."