అరగదీసిన అడుగురాత

బావో పేరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా చింగ్‌దెజెన్‌లో పాత పింగాణి విలువ తేల్చే సంఘానికి అతనే పెద్ద. ఆ కుర్చీలో కూర్చుని మా గురువుగారిని దొంగ అన్నాడు, ఒక్క గిన్నెను తిరగేసి, అడుగున ఉన్న ఆరు అక్షరాలు చదివి.

మా గురువు ఫెంగ్ యావ్‌తాంగ్ ప్రభుత్వ కార్ఖానాలో పాతకాలపు నమూనాలు చేసే విభాగంలో అడుగురాతలు రాసేవారు. ఇంకొకరు గిన్నె తిప్పుతారు, ఇంకొకరు బొమ్మలు వేస్తారు, అడుగున రాజుగారి పేరు రాసేది ఆయన. ఇవన్నీ నకళ్ళేనని చెప్పే అమ్ముతాం, అందులో దాచేదేమీ లేదు. నేను పదహారో ఏట ఆయన పక్క పీట మీద కూర్చున్నాను. ఇవాళ్టికీ ఆ పనే చేస్తున్నాను.

గొడవకు కారణమైన గిన్నె మాత్రం ఆయన చేసింది కాదు. వాళ్ళ నాయనమ్మ ఇంటి నుంచి వచ్చింది. చిన్న గిన్నె, తెలుపు మీద నీలం, రెల్లు మధ్య పడవలో చేపలు పట్టే ముసలాయన బొమ్మ. అడుగున రెండు నీలి వలయాల లోపల రెండు నిలువు వరసలు. కుడి వరస పైనుంచి మొదలుపెట్టి చదవాలి. మహా మింగ్ వంశంలో, చెంగ్‌హువా ఏలుబడిలో చేసినది అని ఉంటుంది. గురువుగారు దాన్ని ఊరి సంగ్రహాలయానికి ఊరికే ఇస్తానని తీసుకెళ్ళారు. ఇది చెంగ్‌హువా కాలానిది కాదు, ఆ తరవాత రెండు వందల ఏళ్ళకు కాంగ్‌షి కాలంలో చేసింది అని ఆయనే చెప్పారు.

విలువ తేల్చడానికి కూర్చున్న బావో నవ్వాడట. రాత మింగ్ అంటోంది, గిన్నె మింగ్‌లా లేదు, రాసింది ఎవరో ఊహించడం కష్టమా, ఆ పేరు రోజూ రాసే చెయ్యి మన ఊళ్ళోనే ఉందిగా అన్నాడట. గిన్నె ఇంటికి తిరిగొచ్చింది, నాలుగు రోజుల్లో ఊరంతా ఆ మాటే. కార్ఖానావాళ్ళు గురువుగారిని కుంచె దగ్గర నుంచి లేపి, గిన్నెలకు గడ్డి చుట్టి కట్టే షెడ్డులో వేశారు. ఆయన ఆ షెడ్డులోనే ముసలివాడై, దొంగన్న పేరుతోనే పోయారు.

తెలిసిన వాళ్ళు పింగాణిని అలా చూడరు. ముందు చేత్తో బరువు చూస్తారు. తరవాత పాదం, అంటే గిన్నె నిలబడే ఆ పూత లేని అంచు. కాంగ్‌షి కాలపు పాదం నునుపుగా, బురదచేప వీపులా గుండ్రంగా ఉంటుంది. తరవాత పూత, ఆ తరవాత నీలం ఎన్ని ఛాయల్లో పరుచుకుందో చూస్తారు. రాతను చివరికి చదువుతారు. ఎందుకంటే మిగతావేవీ చెప్పని అబద్ధం అదొక్కటే చెప్పగలదు. బావో అక్షరాలొచ్చిన మనిషి కనుక ముందు అక్షరాలే చదివాడు.

ఆ అబద్ధం కూడా ప్రతిసారీ మోసం కాదు, నా కడుపుమంట అక్కడే. కాంగ్‌షి రాజు కాలంలో ఒకప్పుడు మా ఊరి అధికారి ఉత్తర్వు వేశాడు, ఏలే ప్రభువు పేరు గిన్నెల మీద రాయకూడదని. గిన్నె పగిలితే పెంకు చెత్తలో పడుతుంది, ప్రభువు పేరు మీద ఎవడో కాలు వేస్తాడు అని భయం. రాసేవాళ్ళు ఏం చేస్తారు? కొందరు రెండు వలయాలు గీసి లోపల ఖాళీ వదిలారు. కొందరు ఓ ఆకు గీశారు. కొందరు ఎప్పుడో పోయిన మింగ్ రాజు పేరు రాశారు, ఆయన్ని తొక్కితే అడిగేవాడు లేడు కనుక. పైగా చెంగ్‌హువా నాటి పనితనమంటే మా వాళ్ళకు భక్తి, ఆ పేరు రాయడం దణ్ణం పెట్టినట్టు. ఇది మా ఊళ్ళో కుంచె పట్టిన ప్రతివాడికీ తెలుసు. బావోకు తెలియదా? తెలుసు. ఊరికే గిన్నె ఇస్తానన్న పనివాడి ముందు తగ్గడం ఇష్టం లేదు, అంతే.

గురువుగారు పోయిన మూడో ఏడు షాంఘై నుంచి చియెన్ అనే పెద్దాయన మా ఊరి సంగ్రహాలయం చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. నలభై ఏళ్ళుగా గిన్నెల అడుగులు చూస్తున్న మనిషి. ఆ గిన్నె చూడమని ఆయనకు ఉత్తరం రాశాను, చూస్తానన్నాడు. నా ధీమా అంతా రాత మీదే. మా కార్ఖానాలో బొమ్మనీ పూతనీ కాంగ్‌షి వాటితో కలిసిపోయేలా చేయగలం, ఆ సంగతి చియెన్‌కూ తెలుసు. చేతిరాతను మాత్రం దాచలేం. చెంగ్ అనే అక్షరంలో పైన ఓ చుక్క ఉంటుంది. గురువుగారు ఎంత జాగ్రత్తగా రాసినా ఆ చుక్క కుడికి జారేది, చివరి అక్షరం కింది గీత కాస్త పైకి లేచేది. ఆ నాయనమ్మ గిన్నె మీద చుక్క నిటారుగా ఉంది, గీత నేలకు సమంగా ఉంది. గురువుగారు రాసిన సాసర్లు ఊళ్ళో అడిగి ఓ బుట్టెడు పోగుచేశాను. పక్కపక్కన పెడితే బడికెళ్ళే పిల్లకైనా తెలిసిపోతుంది, ఇవి రాసిన చెయ్యి అది రాయలేదని.

చియెన్ వచ్చే ముందురోజు సాయంత్రం బుట్ట పట్టుకుని గురువమ్మ ఇంటికెళ్ళాను. ఆవిడ వంటింట్లో మిరపకాయలు వేయిస్తోంది. కొడుకు చింగ్‌షెంగ్ గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

తిరగేశాను. అడుగున ఏమీ లేదు. వలయాలు లేవు, అక్షరాలు లేవు. పూత పోయి, మట్టి తెల్లగా, మందంగా బయటపడి ఉంది. పాదం అంచు కూడా సానరాయికి ఆని కొత్తగా కోసినట్టుంది.

ఏం చేశావురా అని అడిగాను.

"నాన్నను దొంగని చేసింది ఆ రాతే కదా అక్కా. గిన్నె మంచిదే, రాతే అబద్ధమని నువ్వే అన్నావు. కార్ఖానాలో సాన మీద పెట్టి తీసేశాను. ఇప్పుడిందులో అబద్ధమేముంది?"

ఆ మాట నేను అన్నది నిజమే. అయినా నాకు వాడి మీద జాలి పుట్టలేదు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. పింగాణి ఊళ్ళో పుట్టి, పింగాణి తిని పెరిగిన ముప్ఫై ఏళ్ళవాడు. మా వ్యాపారంలో అడుగు అరగదీసిన గిన్నెకు ఒక్కటే అర్థం. కొత్త రాతను చెరిపి, పాతదని అంటగట్టడం. బజార్లో ఏ దళారీనైనా లేపి అడిగితే చెబుతాడు. మీ నాన్న తరఫున మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నీ చేత్తో పొడి చేశావురా, బావో పదేళ్ళు కష్టపడినా ఇంత చేయలేకపోయేవాడు, ఆయన్ని వాళ్ళు ఒకసారి దొంగన్నారు, నువ్వు రుజువు చేశావు అని తిట్టాను. ఇంకా చాలా తిట్టాను. వాడు గోడకు చేరబడి విన్నాడు. మొహంలో ఉన్న వెలుగు కొంచెం కొంచెంగా ఆరిపోయింది.

చివరికి తల వంచుకునే అన్నాడు. "అయితే నువ్వు రాయి అక్కా. రోజూ రాసేదే కదా. ఆ చుక్క ఎక్కడుండాలో నీకంటే ఎవరికి తెలుసు?"

నేను వెంటనే కాదనలేదు, అది చెప్పాలి. ఆ రాత నాకు కంఠతా వచ్చు. చుక్క నిటారుగా, గీత సమంగా. నీలం పెట్టి, తేలిక మంటకు కరిగే పూత వేసి, చిన్న బట్టీలో రాత్రికి కాలిస్తే పొద్దునకు చల్లారుతుంది. భూతద్దానికి ఆగకపోవచ్చు, కానీ చియెన్‌కు కళ్ళు మందగించాయని విన్నాను. బావో మొహం మాడిపోవడం చూడాలని నాకెంత ఉందంటే, చెయ్యి అప్పుడే కుంచె వెతుక్కుంటోంది.

గురువమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"రాయొద్దు," అంది. "రాస్తే వాళ్ళన్నది నిజమైపోతుంది. ఈ ఇంట్లో దొంగరాత రాసినవాళ్ళు ఇప్పటిదాకా లేరు."

మర్నాడు ముగ్గురం సంగ్రహాలయానికి వెళ్ళాం. గురువమ్మ గిన్నెను తిరగేసి బల్ల మీద పెట్టింది. నా కొడుకు తెలియక అరగదీశాడు అని ముందే చెప్పేసింది. చియెన్ చాలాసేపు చూశాడు. బొమ్మ చూశాడు, వేలితో పూత తడిమాడు, వెలుతురుకు పట్టాడు. నేను బుట్టలోని సాసర్లు వరసగా పరిచాను. పోల్చడానికి అటు వైపు ఏమీ లేదు. అయినా పరిచాను.

"నా మనసుకు ఇది కాంగ్‌షి నాటిదే అనిపిస్తోందమ్మా," అన్నాడు చివరికి. "కానీ పాదం పోయింది, రాత పోయింది. మిగిలిందాన్ని ఇంత బాగా చేయగలిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు, మీ ఆయన విభాగంలోనే ఉన్నారు. కాగితం మీద పెట్టి సంతకం చేయలేను."

బావో పక్కనే నిలబడ్డాడు. అడుగు అరగదీసేవాళ్ళు ఏదో ఒక కారణం చెప్పకుండా ఉండరులెండి అన్నాడు, పెద్దాయనకు టీ పోస్తూ. నా చేతిలో సాసరు ఉంది. వాడి మొహాన వేసేదాన్నే, గురువమ్మ నా మణికట్టు పట్టుకుంది. అది మీ గురువు రాసింది, పగలగొట్టకు అంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చింగ్‌షెంగ్ బల్ల దగ్గర కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. గురువమ్మ అన్నం వార్చింది. నాకొక గిన్నెలో, తనకొక గిన్నెలో పెట్టుకుంది. తరవాత సంచిలోంచి ఆ గిన్నె తీసి, కడిగి, అందులో అన్నం పెట్టి, మీద రెండు మిరపకాయలు వేసి కొడుకు ముందుకు జరిపింది.

వాడు దాన్ని ముట్టుకోలేదు. వేరే గిన్నెలో పెట్టమ్మా, ఇందులో నాకు దిగదు అన్నాడు.

"వేరే గిన్నెలన్నీ మీ నాన్న రాసిన నకళ్ళురా," అంది ఆవిడ. "ఈ ఇంట్లో అసలుది ఇదొక్కటే. తిను."