ముందు యాభై మందికి గ్లాసు ఉచితం

కళావతి ఎనిమిదేళ్లు హనుమకొండలో ఒకాయన మొబైల్ కొట్లో కౌంటరు వెనక నిలబడి ఊరందరి ఫోన్లకు గ్లాసులు అతికించింది. ఇప్పుడు వరంగల్ బజార్లో, వీరభద్రం స్టీలు సామాన్ల దుకాణం పక్కన, రెండు చేతులు చాపితే గోడలు తగిలేంత కొట్టు తన పేరు మీద తీసుకుంది. చిన్నదైతేనేం, బోర్డు మీద పేరు తనది. ఆ బోర్డును ఎన్నిసార్లు తలెత్తి చూసుకుందో ఆమెకే తెలియదు.

వాట్సాప్‌లో పెట్టే మాటలు తమ్ముడు భాస్కర్ రాసిచ్చాడు గానీ, వాటిని మూడుసార్లు దిద్దింది మాత్రం కళావతే. చివరికి ఇలా తేలింది:

"కళా మొబైల్ యాక్సెసరీస్. ఈ బుధవారం ఉదయం 9:36కు మా అమ్మ కట్టమ్మ చేతుల మీదుగా ప్రారంభం. కవర్లు, ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు. ముందు వచ్చిన యాభై మందికి టెంపర్డ్ గ్లాసు ఉచితం. అందరూ రావాలె!"

భాస్కర్ రాసినప్పుడు "ఉచితం" ముందు "కవరు కొంటే" అని ఉండింది. అమ్మ పేరు పెద్ద అక్షరాల్లో పెట్టేసరికి చోటు చాలక, ఆ రెండు మాటలూ కళావతే తీసేసింది. తీసేసిన సంగతి ఆ తర్వాత గుర్తే లేదు.

బుధవారం తొమ్మిదికే బజారు నిండిపోయింది. పవర్‌లూమ్ మీద ముప్పై ఏళ్లు అరిగిన చేతులతో కట్టమ్మ సరిగ్గా 9:36కు రిబ్బను కత్తిరించింది. అందరూ చప్పట్లు కొడుతుంటే కొంగుతో ముఖం కప్పుకుంది. కొబ్బరికాయ నీళ్లు ఇంకా ఆరకముందే ఆటో సమ్మయ్య కౌంటరు మీద ఫోను పెట్టాడు.

"గ్లాసెయ్యక్కా. పొద్దటి సంది నేనే ఫస్టు."

"కవర్ ఏది కావాలె అన్నా?"

"కవరెందుకు? నీ మెసేజ్‌ల గ్లాసు ఫ్రీ అని రాసినవు గద! సదువుమంటవా?"

సమ్మయ్య తెర మీద మెసేజ్ చూడగానే కళావతికి తాను తీసేసిన రెండు మాటలు గుర్తొచ్చాయి. భాస్కర్ ఆమె చెవిలో గుసగుసలాడాడు. "షరతులున్నయని చెప్పక్కా. ఒక్క మాట చాలు."

అప్పుడే పక్క గడప మీంచి వీరభద్రం గొంతు వినిపించింది. ఆయన బోణీ కానిదే చాయ్‌కి కూడా జేబులో చెయ్యి పెట్టడని బజారందరికీ తెలుసు.

"బిడ్డా, పాగల్ పని జెయ్యకు! కొత్త గల్లా, బోణీ కాలే. మొదటి సామానే ఊకె ఇస్తరా? దుకాణం నిలవడతదా?"

"నేను కొంట, ఒక పౌచ్ ఇయ్యి" అంది కట్టమ్మ గబగబా.

"ఇంటోళ్ల బోణీ బోణీయేనా వదినా? ఎడమ చేతిది కుడి చేతికిచ్చినట్టు!"

లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. కళావతికి నవ్వు రాలేదు. బోణీ తప్పితే భయం, మాట తప్పితే సిగ్గు. అమ్మ పేరు రాసిన చోటే ఆ మాటా రాసింది మరి.

"రాసింది నేనే కాకా. అది తప్పయితే నా తప్పు, సమ్మన్నది గాదు" అని ఆమె గ్లాసు పెట్టె తెరిచింది.

తడి గుడ్డతో తుడిచింది, పొడి గుడ్డతో తుడిచింది. స్టిక్కరుతో కంటికి కనబడని దుమ్మును కూడా ఎత్తేసింది. పైన స్పీకరు రంధ్రానికి సరిగా కుదిర్చి గ్లాసు వదిలి, మధ్యలో వేలితో ఒక్క నొక్కు నొక్కింది. జిగురు నీళ్లలా నాలుగు మూలలకూ పాకింది. ఒక్క బుడగ లేదు.

"అబ్బ, అద్దంల మొకం చూసుకోవచ్చు!" అని సమ్మయ్య ఫోను పైకెత్తి వెనకవాళ్లకు చూపించాడు.

అంతలో కౌంటరు పక్కన ఎవరో దగ్గారు. వీరభద్రం.

"లైన్ల నిలవడు కాకా!" అన్నాడెవడో.

"ఫ్రీదానికి నిలబడేటోన్ని గాదు. కళా, నాకొక ఛార్జింగ్ వైరియ్యి. మంచిది. పైసలు తీస్కోవాలె, తక్కువ జేస్తే ఊకోను."

కళావతి ఆయన దుకాణం వైపు చూసింది. జనమంతా ఇటే ఉన్నారు, అక్కడ ఒక్క గిరాకీ లేదు.

"మీ బోణీ అయ్యిందా కాకా?"

"నీ మందంత నా గడపకు అడ్డం నిలవడితే ఎట్లైతది?" అని కసిరాడాయన. "నలభై ఏండ్ల నుంచి బోణీ గానిది పైస బయటికి తియ్యలే. ఇయ్యాల తీస్తన్న. చూస్తవేంది? పట్టు!"

కళావతి నోటు అందుకుని కళ్లకద్దుకుంది. దేవుడి పటానికి చూపించి కొత్త గల్లాలో వేసింది. కట్టమ్మ ఆయనకు దండం పెట్టబోతే, "జరగు వదినా, గాలాడనియ్యి" అంటూ వైరు పట్టుకుని వెళ్లిపోయాడు.

"అక్కా, ఇప్పుడన్న మెసేజ్ మారుద్దామా? 'కవరు కొంటే' అని పెడత" అన్నాడు భాస్కర్ ఫోను తీస్తూ.

కళావతి తల కూడా తిప్పలేదు. "రాసింది రాసినట్టే ఉండనియ్యి. ఇంక నలభై తొమ్మిది మంది ఉన్నరు. నువ్వు గ్లాసు పెట్టెలు అందియ్యి." లైన్లో ముందున్న వాడి ఫోను అందుకుంది. "నీది ఏ మోడల్ తమ్మీ?"