తిరిగి పలకని పేరు

కొత్తగా చేరిన కుర్రాడు నమస్తే పెట్టి, "బీరయ్య, సార్" అన్నాడు. ఫోర్‌మన్ వీర్రాజు తలూపాడే గాని పేరు తిరిగి పలకలేదు. కాకినాడ నుంచి వచ్చిన ఆయనకు షెడ్డులో కుర్రాళ్లంతా 'అబ్బాయ్'లే.

మూడోరోజు క్రేన్ గొలుసు జారుతోంటే, "అబ్బాయ్, తప్పుకో!" అని గొంతు చించుకున్నాడు. పదిమంది తలెత్తారు. గొలుసు కిందున్న బీరయ్య, తనను కాదనుకున్నాడేమో, ఎత్తలేదు.

కుర్రాడి దినాలకు వాళ్ల ఊరు కిష్టారెడ్డిపేట వెళ్లాడు వీర్రాజు. బీరయ్య తండ్రికి దండం పెట్టి, పేరడిగి, "సాయిలు గారు... సరిగ్గా అన్నానా?" అన్నాడు.

"మంచిగన్నవు సారూ," అన్నాడు ముసలాయన. "మా బీరయ్యను గూడ గిట్లనే పేరుపెట్టి పిలుస్తుంటివా?"

వీర్రాజుకు ఇప్పుడు ఆ పేరు బాగా గుర్తుంది.