నాలుగో తేదీ సీటు

ఫైనలియర్ అమ్మాయిల హాస్టల్లో, మెట్ల పక్క గదిలో ఇద్దరుండేవారు. ఒకదాన్ని అందరూ వాయిదా అనేవారు, రెండోదాన్ని తొందర. అమ్మానాన్నలు ముద్దుగా పెట్టిన పేర్లు పరీక్ష హాలు టికెట్ల మీద మాత్రమే బతికున్నాయి.

ఇద్దరూ ఒకే కంపెనీ మీద కన్నేశారు. ఆ కంపెనీ షరతు సూటిగా ఉంది: ఏడున్నర సీజీపీఏ ఉండాలి, లేదంటే పరీక్ష రాసి తెచ్చుకున్న, గడువు తీరని క్లౌడ్ కంప్యూటింగ్ సర్టిఫికెట్ ఉండాలి. వాయిదాకి ఏడు పాయింట్ ఒకటి, తొందరకి ఆరు పాయింట్ తొమ్మిది. అంటే సర్టిఫికెట్ లేకపోతే ఇంటర్వ్యూ గది గుమ్మం కూడా చూడలేరు.

తొందర దగ్గర సర్టిఫికెట్ ఉండేది. ఫస్టియర్ సెలవుల్లోనే ఆ పరీక్ష ఊపులో రాసి పారేసింది. రెండేళ్ల గడువు సరిగ్గా ప్లేస్‌మెంట్లకి రెండు నెలల ముందు తీరిపోయింది. "పెళ్లికి ఏడాది ముందే భోజనాలు పెట్టేశావు కదే!" అని వాయిదా పొట్ట పట్టుకుని నవ్వింది.

వాయిదా నవ్వడానికి కారణముంది. ఉద్యోగం చేస్తున్న వాళ్ల అక్క ఫోన్లో గట్టిగా బుర్రకెక్కించింది. "ఇరవై తొమ్మిదో తేదీ, శుక్రవారం సాయంత్రం అయిదుకి మీ ప్లేస్‌మెంట్ ప్రొఫైల్ లాక్ అవుతుంది, ఆ తర్వాత ఏ సర్టిఫికెట్టూ ఎక్కదు. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టు. ఫలితం రావడానికి అయిదు పనిదినాలు పట్టొచ్చు. తప్పావనుకో, పద్నాలుగు రోజులు ఆగితే గానీ మళ్లీ రాయనివ్వరు. రెండోసారి ఫలితానికి ఇంకో అయిదు. కాబట్టి నాలుగో తేదీన రాసెయ్."

వాయిదా బుద్ధిగా నాలుగో తేదీ, ఉదయం పదింటికి సీటు బుక్ చేసుకుంది. ఒకటో తేదీకి ఆమెకి నెట్‌వర్కింగ్ పాఠం సరిగా రాలేదనిపించింది. పరీక్ష పన్నెండుకి జరిపింది. పదో తేదీకి నోట్సులో మూడు రంగుల గీతలు పూర్తి కాలేదనిపించింది. ఇరవై ఒకటికి జరిపింది. రెండుసార్లకి మించి జరపనివ్వరు కాబట్టి అక్కడ ఆగింది గానీ, లేకపోతే ముసలితనంలో రాసేది.

ఆమె వదిలేసిన నాలుగో తేదీ సీటు ఆ నిమిషమే తొందర పట్టేసింది. ఏమీ చదవకుండా వెళ్లి రాసి, ఘనంగా తప్పింది. పద్నాలుగు రోజులు తిట్టుకుంటూ చదివింది. ఇరవయ్యో తేదీన మళ్లీ రాసింది. పాసైంది!

వాయిదా ఇరవై ఒకటిన రాసింది. ఫలితం సరిగ్గా అయిదో పనిదినాన, గురువారం వచ్చింది. ఏడొందలు రావాలి, ఆరొందల ఎనభై నాలుగు వచ్చాయి. పదహారు మార్కులు. మళ్లీ రాయాలంటే వచ్చే నెల నాలుగు దాకా ఆగాలి. లాక్ మర్నాడే.

శుక్రవారం నాలుగున్నరకి ప్లేస్‌మెంట్ ఆఫీసులో ఒక్కటే గోల. తొందర కంప్యూటర్ ముందు కూర్చుని ఫైలు ఎక్కించి, సబ్మిట్ మీదకి మౌసు తీసుకెళ్లింది. పక్కన నిలబడ్డ వాయిదా తెర చూసింది. తొందర ఎక్కించింది గడువు తీరిన పాత సర్టిఫికెట్. ఒక్కసారి నొక్కితే మార్చడానికుండదు.

వాయిదాకి కడుపు మండిపోతోంది. ఆ తేదీలు తనవి. ఆ లెక్క తనది. ఆ సీటు తనది! నోరు మూసుకుంటే చాలు, ఎవరూ తనని ఏమీ అనరు. మూసుకుంది కూడా, ఒక్క క్షణం. ఆ క్షణానికి తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

"ఆగవే తింగరిదానా! అది పాతది. తేదీ చూడవా?"

తొందర తెల్లబోయింది. వాయిదా ఆమెని కుర్చీలోంచి పక్కకి నెట్టి, కొత్త ఫైలు వెతికి, సర్టిఫికెట్ నంబరు కొట్టి, రెండుసార్లు సరిచూసి నొక్కింది. నాలుగూ యాభై రెండు. ప్లేస్‌మెంట్ సారు కళ్లద్దాల మీదుగా చూశారు.

"మరి నీదేదమ్మా?"

"తప్పాను సార్."

"రెండో విడత కంపెనీలకి ఇంకో రెండు నెలల్లో లాక్ ఉంది. ఈసారైనా లెక్క చూసుకుని రాయి."

"లెక్క నాకొచ్చు సార్," అంది వాయిదా. "రాయడమే రావట్లేదు."

గదికి రాగానే తొందర ఆమెని వాటేసుకుంది. వాయిదా కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, లాప్‌టాప్ తెరిచింది. వచ్చే నెల నాలుగో తేదీ, ఉదయం పదింటికి సీటు ఖాళీగా ఉంది. బుక్ చేసింది. కింద మామూలు గమనిక కనిపించింది: తేదీని రెండుసార్లు మార్చుకోవచ్చు.

ఆమె లాప్‌టాప్‌ని తొందర వైపు తిప్పింది.

"ఈ బుకింగ్ సైట్లో నా పాస్‌వర్డ్ మార్చెయ్. నేను కాళ్లు పట్టుకున్నా చెప్పకు. పరీక్ష హాల్లోకెళ్లడానికి ఐడీ కార్డు చాలు."