ఆటో వెనక రెండో మాట

నేను చేసిన పని ఆ అమ్మాయికి తెలుసా, తెలియదా? ఆరేళ్లుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. పొద్దున్నే దీపం వెలిగించి కళ్లు మూసుకుంటే దేవుడికన్నా ముందు ఆమె ముఖమే కనిపించేది. తెలిసే ఊరుకుందని, నన్ను క్షమించి వదిలేసిందని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. అలా అనుకున్న రోజు పూజ సాఫీగా సాగేది.

నాది ఫ్లెక్సీలు, స్టిక్కర్లు వేసే దుకాణం. చదువు పదో తరగతితో ఆగింది. అయినా, ఏం రాయించుకోవాలో తెలియక వచ్చేవాళ్లకు నేనే మాటలు అల్లి ఇచ్చేవాణ్ని. అందులోనూ ఆటో వెనక రాతలంటే నాకు సరదా. సిగ్నల్ దగ్గర ఆటో వెనక ఆగిన బండివాడు చూసేది నాలుగు క్షణాలు. ఐదారు మాటలు దాటితే చదవడు. ఫోన్ నంబరు అరచెయ్యంత అంకెల్లో ఉండాలి. ఎరుపు రంగు ఎండకు తొందరగా వెలిసిపోతుంది కాబట్టి నంబరు నలుపులో వేయాలి. కింద బండి నంబరు ప్లేటును మూయకూడదు. ఇవన్నీ నాకు కొట్టిన పిండి.

ఒకరోజు ఒక రక్తపరీక్షల ల్యాబు మేనేజరు వచ్చాడు. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లే ఏర్పాటు కొత్తగా మొదలుపెట్టారట. నలభై ఆటోల వెనక వేయాలి, చిన్న మాట కావాలి అన్నాడు. వెంట ఒక అమ్మాయి కూడా వచ్చింది. ఇళ్లకు వెళ్లి రక్తం తీసేది ఆమే. ఒక్కసారి సూది గుచ్చితే చాలు, రెండోసారి అక్కర్లేదని పేరు. ల్యాబుకు జనాన్ని తెచ్చే ఆటోవాళ్లు అప్పటికే ఆమెకు ‘ఒక్కపోటు’ అని పేరు పెట్టేశారు. ఆ పేరు విన్నప్పుడల్లా విననట్టు ముఖం పెట్టేది గాని, లోపల మురిసిపోయేదని చూస్తే తెలిసిపోయేది.

నేను రెండు రోజులు కూర్చుని పన్నెండు రాసిచ్చాను. ‘రక్తం మీది, రాక మాది’ అన్నది చూసి అప్పులవాడు వస్తున్నట్టుంది అన్నాడు మేనేజరు. ‘మీరు పడుకోండి, మేం పొడుస్తాం’ అన్నది చదివి ఆ అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

“బాబాయ్, ఇది ఆటో మీద వేస్తే నాకు తలుపు ఎవరూ తీయరు. పోలీసులే తీస్తారు” అంది.

చివరికి ఒకటి నిలిచింది. పైన ‘పరగడుపు పరీక్షలకు’ అని సన్నగా, కింద ‘తినొద్దు, తలుపు తీస్తే చాలు’ అని పెద్దగా, ఆ కింద నంబరు. ఆ అమ్మాయి పరీక్షలు తెలిసిన మనిషి కాబట్టి ఆమే చూసి సంతకం పెట్టాలన్నాడు మేనేజరు. మర్నాడు ఆమె వచ్చి, నమూనా కాగితం అక్షరం అక్షరం చూసి, మూలన సంతకం చేసి వెళ్లింది.

ఆ సాయంత్రం మిషను మీద ఎక్కించబోతుంటే నాకు ఆ వరస బోసిగా అనిపించింది. తినొద్దు, తలుపు. మధ్యలో ఏదో అడుగు తప్పినట్టుంది. ఎడమపక్క జాగా కూడా మిగిలింది. ‘తినొద్దు, తాగొద్దు, తలుపు తీస్తే చాలు’ అని పైకే అనుకున్నాను. అబ్బ, ఎంత బాగుందో. తకారాలు వరసగా మెట్లలా పడ్డాయి.

తాగొద్దు అనడంలో తప్పేముందని అప్పుడు తోచనే లేదు. నేను వారానికొకరోజు ఉపవాసం ఉంటాను, మంచినీళ్లు కూడా ముట్టను. పరగడుపు అంటే అదే అనుకున్నాను. ఒక్క ఫోను చేసి అడిగితే ఆమె చెప్పేది. ఇంత చిన్న మాటకు మళ్లీ సంతకమా అని నలభై అలాగే కొట్టించి, అతికించేశాను.

మాట జనం నోళ్లలో పడింది. స్టాండులో ఆటోవాళ్లు ఒకళ్లనొకళ్లు ‘తినొద్దు, తాగొద్దు’ అని ఆటపట్టించుకునేవారు. నాకు కాలు నేల మీద నిలవలేదు.

మూడోవారం ఒక పెద్దావిడ ఇంట్లో గొడవైంది. ఆవిడ రాత్రి భోజనం తర్వాత చుక్క నీళ్లు తాగలేదు. ఎనిమిదికి రావాల్సిన అమ్మాయి అంతకుముందు వెళ్లిన ఇంట్లో ఆలస్యమై తొమ్మిదిన్నరకు చేరింది. నీళ్లు లేక నరాలు దొరకలేదు. రెండు పోట్లు వేసి, ఇక నేను గుచ్చకూడదమ్మా, ఇంకొకళ్లను పంపిస్తాను అని లేచింది. రెండుసార్లు కుదరకపోతే మూడోసారి అదే మనిషి గుచ్చకూడదని వాళ్ల నియమం. ఆవిడ లేవబోయి కళ్లు తిరిగి పడింది, మణికట్టు విరిగింది. కొడుకు ల్యాబుకు వెళ్లి, ఆటో ఫోటో తీసి చూపించి, నీళ్లు తాగొద్దని రాసింది మీరు కాదా అని నిలదీశాడు. అప్పటికే ఇంకో ఏడెనిమిది ఇళ్లలో నరం దొరకడం లేదని ఫిర్యాదులు వచ్చి ఉన్నాయి. ‘ఒక్కపోటు’ కాస్తా ‘రెండుపోట్లు’ అయింది.

మేనేజరు నా దుకాణానికి వచ్చాడు. అరవలేదు, విసుగ్గా కుర్చీలో కూలబడ్డాడు. ఆ మాట మందు గురించనుకుని ఇన్నాళ్లూ ల్యాబులో ఎవరూ పట్టించుకోలేదట. పరగడుపున నీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా, ఈ సంగతి తెలిసిన అమ్మాయి ఎలా సంతకం చేసిందో అర్థం కావడం లేదన్నాడు.

“తను చూసినప్పుడు ఆ మాట లేదేమో అంటోంది. గట్టిగా కూడా అనలేకపోతోంది. ఆ కాగితం మీ దగ్గరుందా?”

కాగితం నా సొరుగులోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. నలభై మళ్లీ వేయాల్సి వస్తుందనే భయం ఒకటి. అంతకన్నా, అందరూ మెచ్చుకుంటున్న ఆ మాటే తప్పని నా నోటితో చెప్పాలి.

“ఎక్కడో ఉంటుంది సార్. వెతికి ఇస్తాను” అన్నాను.

అబద్ధం కాదు కదా అని రాత్రికి నన్ను నేను సముదాయించుకున్నాను. లేదని అనలేదు, ఇవ్వనని అనలేదు. వెతుకుతానన్నాను. మర్నాడే ‘నీళ్లు తాగొచ్చు’ అని స్టిక్కరు ముక్కలు కోసి, స్టాండు స్టాండుకూ తిరిగి నలభై ఆటోల మీద ఆ రెండో మాటను కప్పేశాను. ఎంత శ్రద్ధగా చేశాడో చూడు అని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. కాగితం సంగతి మళ్లీ అడగలేదు. నేను దాన్ని సొరుగులోంచి తీసి దేవుడి గదిలో పుస్తకాల కింద పెట్టాను. చింపడానికి చేతులు రాలేదు. ఇవ్వడానికి కాళ్లు కదల్లేదు.

అమ్మాయిని ఇళ్లకు పంపడం మాన్పించి, గొట్టాల మీద పేర్ల చీటీలు అంటించే పనిలో కూర్చోబెట్టారని ఒక ఆటోవాడు చెప్పాడు. కొన్నాళ్లకు మానేసిందన్నాడు. ఆ సాయంత్రం నేను దీపంలో నూనె కాస్త ఎక్కువ పోశాను. ఎందుకు పోశానో దేవుడికి అర్థమై ఉంటుంది. ఆయనకు నచ్చిందో లేదో నాకు తెలియదు.

మొన్న నాకు అరికాళ్లు మంటలెక్కుతుంటే మా ఆవిడ చక్కెర పరీక్షకు ఫోను చేసింది. వేరే ల్యాబు. పొద్దున్నే ఏడింటికి తలుపు తీస్తే భుజాన చల్లటి పెట్టెతో ఆమే నిలబడి ఉంది. ముఖానికి మాస్కు ఉన్నా కళ్లు గుర్తుపట్టాను. ఆమే ముందు పలికింది.

“బాబాయ్, మీరా. దుకాణం బాగా నడుస్తోందా?”

ఆ పలకరింపులో ఏ కోపమూ లేదు. తిట్టినా బాగుండేది. మా ఆవిడ కుర్చీ వేసింది. అమ్మాయి నా పేరు, వయసు అడిగి చీటీతో సరిచూసుకుంది. ఒకసారి చూసి, వేలు పెట్టి మళ్లీ మొదటినుంచి చూసింది. ఎన్నింటికి తిన్నారు అని అడిగింది. చేతికి పట్టీ బిగించి, మోచేతి మడత మీద వేలితో తడిమింది. రెండో చెయ్యి కూడా చూసింది.

“నీళ్లు తాగారా?”

తాగలేదు. ఆటోల మీద దిద్దాను గాని నన్ను నేను దిద్దుకోలేదు.

“ఈయన ఉపవాసమంటే ఉమ్మి కూడా మింగరమ్మా” అంది మా ఆవిడ.

ఆమె నవ్వి పట్టీ విప్పేసింది. రెండు గ్లాసులు తాగండి, ఇరవై నిమిషాలు ఆగి తీస్తాను, తొందరేం లేదంది. మా ఆవిడ నీళ్లు తెచ్చి ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. ఇంకో ఇంటికి ఆలస్యమవుతుందని తెలిసీ నా కోసం కూర్చున్న మనిషిని చూస్తూ ఆ ఇరవై నిమిషాలూ గడపలేకపోయాను. దేవుడి గదిలోకి వెళ్లి కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

“నువ్వు సంతకం చేసినప్పుడు ఆ మాట లేదు తల్లీ. తర్వాత నేనే కలిపాను. మేనేజరు అడిగితే వెతికి ఇస్తానన్నాను. అప్పుడూ ఇది నా దగ్గరే ఉంది. నీకు తెలిసే ఉంటుందనుకున్నా.”

ఆమె చదివింది. మాస్కు కిందికి లాగి మళ్లీ చదివింది.

“నాకు తెలీదు బాబాయ్.”

తర్వాత నెమ్మదిగా, కాగితం వైపే చూస్తూ చెప్పింది. ఆ మాట ఉండగానే తను చూడకుండా సంతకం పెట్టేసిందని అందరూ అంటుంటే, చివరికి తనూ అదే నమ్మిందట. పరధ్యానపు మనిషినని, ఇంకొకళ్ల ప్రాణం చేతిలో పెట్టదగిన మనిషిని కాదని అనుకుని, రెండేళ్లు సూది పట్టుకోలేదట. ఇప్పటికీ ఏ చీటీ అయినా రెండుసార్లు చదవనిదే చెయ్యి కదలదట.

“మా ఆయన ఇంట్లో నేను గ్యాస్ కట్టేశానా లేదా అని కూడా రెండేసిసార్లు అడుగుతారు. నీకసలే మతిమరుపు అంటారు.”

క్షమించిందని నేను అల్లుకున్నదంతా ఆమెకు అసలు తెలియనే తెలియదు. ఆరేళ్లూ ఆమె తనను తానే క్షమించుకోలేక తిరిగింది. నేను ఆమె పేరు మీద హాయిగా కళ్లు మూసుకున్నాను. ఏమైనా అనమ్మా అన్నాను. ఏమనాలో ఇప్పుడు తెలియడం లేదంది.

ఇరవై నిమిషాలయ్యాయి. పట్టీ కట్టింది, పిడికిలి బిగించమంది. ఒక్క పోటు. నొప్పి తెలియలేదు. బూడిదరంగు మూత గొట్టం నిండింది. దూది పెట్టి, దాన్ని నొక్కి పట్టుకోండి, రుద్దకండి అంది. గొట్టాన్ని నెమ్మదిగా పలుమార్లు తిరగేసి, పేరు చీటీ అంటించి, పెట్టెలో పెట్టింది. అప్పుడు కాగితం బల్ల మీద పరిచి, తన కలం నా వైపు జరిపింది.

“కింద రాయండి బాబాయ్. ఏ మాట కలిపారో, ఎప్పుడు కలిపారో. మీ సంతకం కూడా.”

దూది జారకుండా మోచెయ్యి మడిచి పెట్టుకుని రాశాను. అక్షరాలు వంకరపోయాయి. ‘తాగొద్దు అన్న మాట ఈ అమ్మాయి సంతకం చేశాక నేను కలిపాను. ఈ తప్పు నాది.’ కింద సంతకం, తేదీ. మేనేజరుకు నేనే వెళ్లి చెబుతానన్నాను. సరే, అది మీ ఇష్టం అంది.

నేను రాసింది చదివింది. ఒక్కసారే చదివింది.

“ఇది నేను తీసుకెళ్లొచ్చా? ఇంట్లో చూపించాలి.”

“నీదేనమ్మా” అన్నాను. రెండు చేతులతో ఇచ్చాను.