కాశీ బస్సు సామాన్ల చిట్టా

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర కరుణాకర్‌రావు పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లోకి స్కానర్ వచ్చిన రోజు దానికి పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, వచ్చినవాళ్లందరికీ చక్కెర పంచారు. చక్కెర తిన్నవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు దాని మీద పెట్టడానికి కాగితం తేలేదు. మూత ఎత్తి చూసి, "జిరాక్స్ మిషనేనా?" అని అడిగి, కాదంటే మొహం ముడుచుకుని వెళ్లిపోయేవారు. అది కంప్యూటర్‌కు బొమ్మలు మింగించే మిషన్ అని చెప్పీ చెప్పీ నసీమాకు నోరు నొచ్చింది.

నసీమా ఆ సెంటర్‌లో తెలుగు టైపు చేసే అమ్మాయి. చేరి ఇంకా నెల నిండలేదు. నెలపాటు చూస్తానని కరుణాకర్‌రావు ముందే చెప్పాడు. "పని తెచ్చిన ఒక్క పార్టీ సంతోషంగ పోవాలె. గా కుర్చీ నీదే," అన్నాడు. గడియారాలు బాగుచేసే ఆమె బాపు ఇనాయతుల్లా కూడా అంతే ఖచ్చితంగా చెప్పాడు. నెల తర్వాత ఉద్యోగం ఖాయమైతే సరే, కాకపోతే ఇంట్లో కూర్చోవాలి. నసీమాకు ఆ కుర్చీ కావాలి. ఒక చెయ్యి విరిగి, చక్రం ఒకటి కిర్రుమనే కుర్చీయే అయినా, దాని మీద కూర్చున్నంతసేపు ఆమెను ఎవరూ చాయ్ పెట్టమని పిలవరు. అందుకే అది ఆమెకు సింహాసనంకంటే ఎక్కువ.

అలాంటి సమయంలో జైపాల్‌రావు వచ్చాడు. ఆయన ఆ ఏడు మంథనివాళ్లను, కరీంనగర్‌వాళ్లను కలిపి కాశీకి బస్సు కడుతున్నాడు. దారి పొడుగునా వంట సొంతమే. ఆ వంట సామాను మంథనిలో ఆయన అక్క లీలాబాయి సిద్ధం చేస్తోంది. అక్కడ ఇంకా కట్టని సామాను ఏదైనా మిగిలితే కరీంనగర్‌లో కొని, బస్సు ఇటు వచ్చినప్పుడు ఎక్కించడం జైపాల్‌రావు పని. పెత్తనం ఆయనది, పని అక్కది. ఆ సంగతి ఆయన తప్ప ఊరంతా ఎరుగును.

"గిది మా అక్క రాసిన చిట్టా," అని నాలుగు మడతల పొడుగు కాగితాన్ని జాగ్రత్తగా విప్పాడు. "దీన్ని కంప్యూటర్ల ఎక్కించి, గీతలు గొట్టి, సాఫుగ తీసియ్యాలె. వస్తువేంది, ఎంత, కట్టిండ్రా లేదా, మూడు వరుసలు. కానీ కాగితం మాత్రం సాయంత్రం బస్సుకే మంథనికి వాపస్ పోవాలె. అది లేకుంటే అక్కడ మా అక్కకు చెయ్యి ఆడది. నాకు నిద్ర వట్టది."

కాగితం ఇక్కడ ఉంచుకోవడానికి వీల్లేదు, టైపు మాత్రం నిదానంగా చెయ్యాలి. స్కానర్ పుట్టిందే ఇందుకన్నట్టు కరుణాకర్‌రావు మొహం వెలిగిపోయింది. "తీయి బిడ్డా. నలుపు తెలుపుల తియ్యి, రంగులల్ల పెడితే సగం పొద్దు గురక పెడ్తది మిషన్," అన్నాడు.

కాగితం నిండా నీలం ఇంకు రాత. దాని మీద వంటింటి మరకలు, వేలిముద్రలు. లీలాబాయి చేతిరాత ముత్యాలే గాని, ఆ ముత్యాలను పోగేసిన తీరు మాత్రం ఆమెదే. నసీమా కాగితాన్ని అద్దం మీద బోర్లించి మూత వేసింది. మిషన్ మూలిగింది, వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది, తెర మీద బొమ్మ వచ్చింది. తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలు, మరక అన్నది లేదు.

"మరకలు గూడ పోయినయి, సూడు," అన్నాడు జైపాల్‌రావు ఆనందంగా. కరుణాకర్‌రావు ఆ మరకలను తానే ఉతికినంత గర్వంగా నవ్వాడు. కాగితం సాయంత్రం బస్సెక్కి మంథనికి వెళ్లిపోయింది.

మర్నాడు నసీమా తెరపై బొమ్మను పెద్దది చేసుకుంటూ, ఎక్సెల్ షీటులో ఒక్కో వస్తువునూ ఒక్కో గడిలో ఎక్కించింది. "ఉప్పు, కారం చెరి అయిదు కిలోలు" అని ఒకే పంక్తిలో ఉంటే రెండు పంక్తులు చేసింది. కందిపప్పు కింద పెసరపప్పు రాసి, ఎంత అని రాయాల్సిన చోట లీలాబాయి రెండు చిన్న గీతలు పెడితే, పైన ఉన్నంతే అని అర్థం చేసుకుని అంకె పూర్తిగా కొట్టింది. ఉల్లిగడ్డ మీద అడ్డగీత ఉంది. అది కట్టినట్టా, వద్దన్నట్టా అని ఫోను చేసి జైపాల్‌రావునే అడిగింది.

"వద్దన్నట్టే బిడ్డా. యాత్రల ఉల్లిగడ్డ తినద్దంటది మా అక్క. నా ఖర్మ," అన్నాడాయన దిగులుగా.

వస్తువుల వరుస నిండింది, ఎంత అన్న వరుస నిండింది. కట్టిండ్రా లేదా అన్న మూడో వరుస దగ్గర నసీమా ఆగిపోయింది. బొమ్మంతా వెతికినా టిక్కు లేదు, సున్న లేదు, గీత లేదు. ఆమె ప్రతి గడిలో "తెల్వది" అని కొట్టి చూపించింది.

కరుణాకర్‌రావుకు అది నచ్చలేదు. "పార్టీకి తెల్వదని రాసిస్తే మనకేం తెల్సని అనుకుంటడు?" అన్నాడు.

"సార్, మంథనికి ఒక్క ఫోన్ చేసి అడిగితే అయిపాయె," అంది నసీమా.

అప్పుడే వచ్చిన జైపాల్‌రావు ఉలిక్కిపడ్డాడు. "అక్కను అడుగుడా? గంత గూడ తెల్వదా అని కాశీ దాకా తిడ్తది. గుర్తు పెట్టలేదంటే కట్టలేదనే. ఆమె ఆఖరి దినం దాకా మూటలు కట్టది, నేనెరుగనా? ఫికర్ చెయ్యకు, కాలేదని రాయి."

నసీమాకు మనసొప్పలేదు. తెలియనిదాన్ని తెలియదని రాయడమే మేలని ఆమెకు గట్టిగా అనిపించింది. కానీ ఇద్దరు పెద్దమనుషులు, ఒక్క కుర్చీ. మొదటి గడిలో "కాలేదు" అని కొట్టి, మౌసుతో దాని మూల పట్టుకుని కిందికి లాగింది. చిట్టా కొస దాకా "కాలేదు" బిలబిలా నిండిపోయింది. కింద "తయారు చేసినది: నసీమా" అని పెట్టి ప్రింటు తీసి ఇచ్చింది. జైపాల్‌రావు దాన్ని పెళ్లి శుభలేఖలా పట్టుకుని సర్దార్ కిరాణా దుకాణానికి బయలుదేరాడు.

బస్సు వచ్చే రోజుకు సెంటర్ వరండా గోదాములా తయారైంది. బియ్యం బస్తాలు, పప్పుల మూటలు, నూనె డబ్బాలు, పసుపు, చింతపండు, మామిడి తొక్కు జాడీ. జైపాల్‌రావు వాటి మధ్య కొత్త పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. బస్సు ఆగింది. దాని నెత్తి మీద అప్పటికే మూటలు కొండలా ఉన్నాయి. ముందుగా లీలాబాయి దిగింది. సన్నగా, నిటారుగా ఉన్న ఆ పెద్దావిడ వరండాను ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది.

"ఇయ్యి ఎవరియిరా జైపాలూ?"

"మనయే అక్కా. కట్టనియి అన్నీ కొన్న."

"మనయి బస్సు మీదున్నయి గదరా."

జైపాల్‌రావు షీటు తెరిచి చూపించాడు. లీలాబాయి కళ్లద్దాలు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివింది. "మంచిగ రాసిండ్రు. తప్పొక్కటి లేదు. అన్నీ కాలేదని ఎవరు చెప్పిండ్రు? చుక్కలు కనవడలేదా?"

"ఏం చుక్కలక్కా?"

ఆమె నడుముకున్న సంచిలోంచి చిట్టా తీసి విప్పింది. "మూట కట్టినంక ముడి మీద పసుపు బొట్టు పెడ్త. అదే ఏలు తీస్కపోయి కాగితం మీద పెడ్త. కాశీకి పోయే సామానుకు టిక్కులు కొడ్తరా ఎవరన్న?"

నసీమా తొంగి చూసింది. కాగితం మీద మరకలనుకున్నవన్నీ పసుపు చుక్కలే. ఒక్కో వస్తువు పక్కన ఒక్కోటి, బుద్ధిగా. కరుణాకర్‌రావు ఆమె వైపు చూశాడు, జైపాల్‌రావు కరుణాకర్‌రావు వైపు చూశాడు. నిమిషం క్రితం దాకా గొప్పంతా తమదే అన్నవాళ్లకు ఇప్పుడు ఆ షీటు ఎవరిదో గుర్తే లేదు. నసీమాకు కుర్చీ తన కింద నుంచి జారిపోతున్నట్టనిపించి ఏడుపొచ్చింది. దాంతోపాటే కోపం కూడా వచ్చింది, ఆ కోపమే ఆమెను నిలబెట్టింది.

"అమ్మా, నలుపు తెలుపుల తీసినం. లేత పసుపు గా మిషన్‌కు తెల్ల కాగితం లెక్కనే కనవడ్తది, ఇడిసిపెడ్తది. మరకలు పోయినయని సంబరపడ్డం గాని అవేందని సూడలే. జర ఆ కాగితం ఇయ్యుండ్రి. బస్సోళ్లు చాయ్ తాగే లోపల సరిచేస్త."

"మిషన్ల పెడితే పసుపు పోతదా?" అంది లీలాబాయి.

"పోదమ్మా. ఇప్పుడు రంగులల్ల తీస్త."

ఈసారి మిషన్ నిజంగానే గురక పెట్టింది. యాత్రికులంతా సెంటర్ కిటికీల దగ్గర మూగారు. బొమ్మ పై నుంచి కొంచెం కొంచెంగా తెర మీదికి దిగింది. మొదటి పసుపు చుక్క కనిపించగానే బస్సు డ్రైవరు కూడా దండం పెట్టాడు. నసీమా "కాలేదు" మాటలన్నీ చెరిపేసి, చుక్క ఉన్నచోట "అయింది" కొట్టింది. ఒక చుక్క మాత్రం బెల్లానికీ చింతపండుకూ నడుమ పడింది. ఈసారి ఎవరి ఊహతోనూ ఆమెకు పని పడలేదు. మాటల్లో నసీమా నెల గడువు సంగతి రాబట్టి పక్కనే కూర్చున్న లీలాబాయిని అడిగింది.

"బెల్లం బిడ్డా. చింతపండు ఇంక కట్టలే. అడిగినవు, మంచిదానివి. గా మాట వీడు అడిగితే వీని సొమ్మేం పోతుండె?"

జైపాల్‌రావు విననట్టు వెళ్లి చింతపండు మూటను పక్కకు జరిపాడు.

చుక్కలన్నీ ఎక్కాక నసీమా మూడో వరుస నెత్తి మీద నొక్కి "అయింది" ఉన్నవి మాత్రమే కనిపించేలా చేసింది. "ఇయ్యి మంథని నుంచి వచ్చినయి. అంటే మనం ఇక్కడ రెండోసారి కొన్నయి. సర్దార్ దుకాణానికి వాపస్ పంపాలె," అని ఒక ప్రింటు తీసింది. తర్వాత "కాలేదు" ఉన్నవి చూపించి, "ఇయ్యి బస్సెక్కాలె," అని ఇంకోటి తీసింది. చింతపండు, అగ్గిపెట్టెలు, ఇంకో నాలుగు. వరండాలోని కొండ రెండు కుప్పలుగా చీలింది. పెద్ద కుప్ప దుకాణానికి, చిన్న కుప్ప బస్సుకు. ఇబ్బంది ఒక్క మామిడి తొక్కు దగ్గరే వచ్చింది. దాని మూత తీసి, రుచి ఎట్లుందో చూద్దామని జైపాల్‌రావు అప్పటికే నాలుగు వేళ్లూ ముంచాడు.

"గది దుకాణపోడు తీస్కోడు. కాశీ దాకా నువ్వే తిను," అని అక్క తీర్పు చెప్పింది.

బస్సు హారన్ కొట్టింది. లీలాబాయి మొదట కొట్టిన తప్పు షీటును చించేసి, సరిచేసిన పూర్తి షీటును రెండు ప్రతులు అడిగింది. ఒకటి సంచిలో పెట్టుకుంది. రెండోది బల్ల మీద పరిచి, వాపసు పోవాల్సిన పసుపు పొట్లంలోంచి చిటికెడు తీసి, నీళ్ల చుక్కతో తడిపింది. కరుణాకర్‌రావు చూస్తుండగా "తయారు చేసినది: నసీమా" అన్న మాట పక్కన వేలితో గట్టిగా ఒక బొట్టు పెట్టింది.

"గిది అయింది," అంది కరుణాకర్‌రావుతో. "ఇంక నెలనీ, చూస్తమనీ అనకు."

ఆయన తల ఊపాడు. ఊపక చస్తాడా, బస్సెడు జనం చూస్తున్నారు. బస్సు వెళ్లిపోయాక, తాను మొదటి నుంచీ ఇదే అనుకుంటున్నట్టు మొహం పెట్టి షీటు అందుకున్నాడు. "మంచి సర్టిఫికెట్. ఒక జిరాక్స్ తీసి ఫైల్ల పెడ్తా, అసలుది నువ్వు మీ బాపుకు సూపెట్టుకో."

నసీమా కిర్రుమనే కుర్చీలో కూర్చుని, షీటును ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"జిరాక్స్ వద్దు సార్," అంది. "అండ్ల చుక్క రాదు."